స్లైడులో ఏ మాటకు కార్డు రాయాలి?

ఇంటర్ బైపీసీ అయినా, బీఎస్సీ అయినా, ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం అయినా, బయాలజీ చదివే పిల్లలు ఇప్పుడు క్లాసులో చూపించిన పీపీటీని ఫోన్లోకి తెచ్చుకుని, దాన్నుంచి ఫ్లాష్‌కార్డులు చేసుకుంటున్నారు. ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు. కొందరు అట్టముక్కల మీద రాసుకుంటారు. ఎక్కువమంది యాంకీ లాంటి యాప్‌లో టైపు చేసుకుంటారు. జవాబు గుర్తున్న కార్డును యాప్ కొన్నాళ్ల తర్వాత చూపిస్తుంది, మరిచిపోయినదాన్ని వెంటనే మళ్లీ ముందుకు తెస్తుంది. పద్ధతి మంచిదే. చాలామందికి చిక్కు వచ్చేది కార్డు తిప్పేటప్పుడు కాదు, రాసేటప్పుడు. స్లైడు మీద ఉన్న ఏ విషయానికి కార్డు రాయాలి, దేన్ని వదిలేయాలి? ఈ ఒక్క సంగతే ఈరోజు మాట్లాడుకుందాం. ఉదాహరణకు అందరికీ తెలిసిన పాఠమే తీసుకుంటాను: మూత్రపిండంలో మూత్రం ఎలా తయారవుతుంది.

ఈ పాఠానికి 40 స్లైడుల పీపీటీ ఉందనుకుందాం. ఒక్కో స్లైడు మీద ఐదు వాక్యాలు. శ్రద్ధగల విద్యార్థి ఏం చేస్తాడంటే, ఏదీ పోకూడదని ప్రతి వాక్యాన్నీ ఒక కార్డుగా మారుస్తాడు. 200 కార్డులు. రోజుకు 20 కొత్త కార్డులు చూస్తే పది రోజుల పని. కొత్త కార్డులు మాత్రమే అయితే ఫరవాలేదు, కానీ పాతవి తిరిగి రావడం మొదలవుతుంది. రోజుకు ఎన్ని కొత్త కార్డులు పెట్టుకుంటే దానికి దాదాపు పది రెట్లు పాత కార్డులు తిరగేయడానికి సిద్ధంగా ఉండాలన్నది యాంకీ వాడేవాళ్లు పాటించే లెక్క. అంటే రోజుకు 200 దాకా. అలాంటి పాఠాలు వరసగా వస్తూనే ఉంటాయి. రెండు వారాల్లో పేరుకుపోయిన కార్డుల సంఖ్య చూసి యాప్ తెరవడమే మానేస్తారు. అప్పుడు పనికిమాలిన కార్డులతో పాటు నిజంగా అవసరమైనవీ పోతాయి. నాకు బాధ కలిగించేది అదే.

ఇక్కడ ఒకటి గమనించాలి. స్లైడు ఉన్నది పాఠం చెప్పే లెక్చరర్ కోసం. తాను చెప్పబోయేది మరిచిపోకుండా, వినేవాళ్ల కళ్ల ముందు నిలిచేలా రాసుకున్న మాటలవి. అందులో శీర్షిక ఉంటుంది, పోయిన క్లాసు గుర్తుచేసే వాక్యం ఉంటుంది, ఒకే సంగతి మూడు స్లైడుల మీద మూడు రకాలుగా ఉంటుంది. రేపు మీరు ఏ సహాయమూ లేకుండా గుర్తుచేసుకోవలసిన విషయానికి మాత్రమే కార్డు కావాలి. ఈ రెండూ ఒకటి కావు కాబట్టి, స్లైడులోని వాక్యాన్ని నేరుగా కార్డులోకి కాపీ చేసే పని ఎప్పుడూ పెట్టుకోకండి.

మొదటిసారి పీపీటీ తెరిచినప్పుడు అసలు కార్డు రాయవద్దు. పాఠం మొత్తం చదవండి, పక్కన పాఠ్యపుస్తకం పెట్టుకోండి. చదివాక రెండూ మూసేసి, తెల్లకాగితం మీద నెఫ్రాన్ బొమ్మ గీయండి. చక్కగా రానక్కర్లేదు, గ్లోమెరులస్, దాన్ని చుట్టుకున్న బౌమన్ గుళిక, మెలికల నాళం, కిందికి దిగి పైకొచ్చే హెన్లే లూప్, మళ్లీ మెలికలు, చివర సంగ్రహణ నాళం. ఆ బొమ్మ మీద వేలు పెట్టి, రక్తం నుంచి వడకట్టుకున్న ద్రవం ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో, దారిలో దానికేం జరుగుతోందో పైకి చెప్పండి. ఎక్కడో ఒకచోట మాట ఆగుతుంది. ఆగిన చోటు చూసుకోండి. పేరో అంకెనో తట్టక ఆగారా? అక్కడ కార్డు రాయాలి. అసలు ఎందుకలా జరుగుతుందో తెలియక ఆగారా? అక్కడ కార్డు పనిచేయదు, పుస్తకం మళ్లీ చదవాలి. అర్థం కానిదాన్ని కార్డు చేస్తే, అర్థం కాకుండానే బట్టీ వస్తుంది. అది వారం తర్వాత పాడైపోతుంది, పైగా పాఠం వచ్చేసిందన్న భ్రమను మిగులుస్తుంది.

ఇప్పుడు అంకెల స్లైడు ఒకటి తీసుకుందాం. వడపోత గురించి. దాని మీద ఇలా ఉంటుంది: మూత్రపిండాల గుండా నిమిషానికి సుమారు 1100 నుంచి 1200 మిల్లీలీటర్ల రక్తం ప్రవహిస్తుంది. ఇది గుండె నిమిషానికి పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు. ఆరోగ్యవంతుడిలో వడపోత రేటు నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్లు. అంటే రోజుకు 180 లీటర్లు. ఇందులో 99 శాతం తిరిగి రక్తంలోకి పీల్చుకోబడుతుంది. రోజుకు బయటికి వచ్చే మూత్రం ఒకటి నుంచి ఒకటిన్నర లీటర్లు.

ఆరు వాక్యాలు, ఎనిమిది అంకెలు. చూడగానే ఆరు కార్డులు రాయాలనిపిస్తుంది. ఒక్క నిమిషం ఆగి లెక్క వేయండి. 125ను 60తో హెచ్చవేసి, దాన్ని 24తో హెచ్చవేస్తే లక్షా ఎనభై వేల మిల్లీలీటర్లు, అంటే 180 లీటర్లు. కాబట్టి 125 తెలిస్తే 180 మీ చేతిలోనే ఉంది. 180 లీటర్లు వడకట్టి ఒకటిన్నర లీటరే బయటికి వస్తోందంటే మిగిలినదంతా వెనక్కి పోయినట్టే. ఒకటిన్నర అన్నది 180లో ఒక శాతం కన్నా తక్కువ. కాబట్టి 99 శాతం అన్న అంకె కూడా గుర్తుపెట్టుకోవలసింది కాదు, లెక్కలో వచ్చేది. గుండె నిమిషానికి సుమారు ఐదు లీటర్ల రక్తం పంపుతుందని రక్తప్రసరణ పాఠంలో ఇంతకుముందే కార్డు ఉండాలి. ఐదో వంతు అంటే సుమారు లీటరు, స్లైడు చెప్పే 1100 అక్కడికి దగ్గరే.

అంటే ఈ స్లైడుకు మూడు కార్డులు చాలు. మొదటిది, ముందువైపు: ఆరోగ్యవంతుడిలో గ్లోమెరులస్ వడపోత రేటు నిమిషానికి ఎంత? వెనుకవైపు: సుమారు 125 మిల్లీలీటర్లు. రెండోది, గుండె పంపే రక్తంలో ఎంత భాగం మూత్రపిండాలకు వెళ్తుంది? సుమారు ఐదో వంతు. మూడోది నాకు ఎక్కువ ఇష్టమైనది: రోజుకు వడకట్టేది ఎన్ని లీటర్లు, మూత్రంగా వచ్చేది ఎంత, ఆ తేడా ఏం చెబుతోంది? ఇందులో 180 గుర్తులేకపోతే కార్డు తిప్పకుండా 125 నుంచి లెక్క కట్టుకోండి. ఆ లెక్క కట్టడమే ఈ కార్డు చేయించవలసిన పని. విడివిడిగా రాసిన ఆరు అంకెల్లో ఒకటి జారిపోతే తిరిగి తెచ్చుకునే దారి ఉండదు. ఒకదాన్ని పట్టుకుని మరొకటి రాబట్టగలిగితే పరీక్ష హాలులో అంకె తప్పినా మీరే పట్టుకుంటారు.

అంకెల విషయంలోనే మరో జాగ్రత్త. నెఫ్రాన్ మొదటి మెలికల భాగాన్ని పిల్లలు పీసీటీ అంటారు. అక్కడ నీరు, లవణాలు ఎంత శాతం తిరిగి పీల్చుకోబడతాయి? ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం 70 నుంచి 80 శాతం అంటుంది. వైద్యవిద్యార్థులు చదివే గైటన్ ఫిజియాలజీ పుస్తకం సుమారు 65 శాతం అంటుంది. స్లైడు ఏ పుస్తకం నుంచి తీసుకున్నదో దాని మీద రాసి ఉండదు. నీట్ రాసే అమ్మాయికి ఎన్‌సీఈఆర్‌టీ అంకె కావాలి, ఎంబీబీఎస్‌లో వైవాకు వెళ్లే అబ్బాయికి మూడింట రెండు వంతులు అన్న మాట కావాలి. కాబట్టి అంకె ఉన్న ప్రతి కార్డు వెనుక, ఏ పుస్తకం, ఏ పేజీ అని చిన్నగా రాసుకోండి. ఆరు నెలల తర్వాత స్నేహితుడు ‘అది తప్పు’ అన్నప్పుడు వాదించుకోకుండా పేజీ తెరిచి చూసుకోవచ్చు. పుస్తకంలో దొరకని అంకెకు కార్డు రాయకపోవడమే మేలు.

హెన్లే లూప్ స్లైడు దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మొత్తం పాఠానికి గుండెకాయ అదే. స్లైడు మీద రెండు వాక్యాలుంటాయి. కిందికి దిగే భాగం నీటిని బయటికి పోనిస్తుంది, లవణాలను దాదాపు పోనివ్వదు. పైకి ఎక్కే భాగం నీటిని పోనివ్వదు, లవణాలను బయటికి పంపిస్తుంది. చాలామంది దీనికి రెండు కార్డులు రాస్తారు. ఒకటి, దిగే భాగం దేన్ని పోనిస్తుంది? నీరు. రెండోది, ఎక్కే భాగం దేన్ని పోనిస్తుంది? లవణాలు. చూడ్డానికి శుభ్రంగా ఉన్నాయి. నాలుగు రోజులకు రెండూ తారుమారవుతాయి. ఎందుకంటే రెండు ప్రశ్నలూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి, రెండు జవాబులూ ఒక్క మాట. ఏ జవాబు ఏ ప్రశ్నదో మనసు పట్టుకోవడానికి ఆధారం లేదు.

ఆ ఆధారం ఏర్పరిచే కార్డు వేరేలా ఉంటుంది. ముందువైపు: హెన్లే లూప్‌లో ద్రవం కిందికి దిగేకొద్దీ చిక్కబడుతుందా పలచబడుతుందా, ఎందుకు? వెనుకవైపు: చిక్కబడుతుంది. నాళం బయట ఉప్పు సాంద్రత లోపలికి పోయేకొద్దీ ఎక్కువ, దిగే భాగం గోడ నీటిని వదులుతుంది, నీరు బయటికి పోతే మిగిలింది చిక్కన. దానికి జంటగా మరో కార్డు: మళ్లీ పైకి ఎక్కేటప్పుడు అదే ద్రవం పలచబడుతుంది, ఎలా? ఉప్పు బయటికి పోతుంది, నీరు వెంట పోలేదు. ఇలా రాస్తే ఎక్కే భాగం గోడ నీటిని ఆపేస్తుందన్నది కారణంతో ముడిపడి వస్తుంది. తారుమారు అయితే మీకే తెలుస్తుంది, ఎందుకంటే కథ తిరగబడుతుంది.

ఆ ఉప్పు సాంద్రతకు కూడా స్లైడు మీద అంకెలుంటాయి. మూత్రపిండం వెలుపలి పొర దగ్గర లీటరుకు సుమారు 300 మిల్లీ ఆస్మోల్స్, లోపలి పొర అడుగున సుమారు 1200. ఈ రెంటికీ ఒకే కార్డు చాలు. మనిషి మూత్రం గ్లోమెరులస్‌లో వడకట్టుకున్న ద్రవం కన్నా దాదాపు నాలుగు రెట్లు చిక్కబడగలదన్న మూడో వాక్యానికి వేరే కార్డు అక్కర్లేదు. 1200ను 300తో భాగిస్తే వస్తుంది.

పీసీటీ ఏమేం పీల్చుకుంటుంది అని స్లైడు మీద జాబితా ఉంటుంది. గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, సోడియం, నీరు, ఇలా. జాబితాకు కార్డు రాయవద్దు. ‘పీసీటీ పీల్చుకునే ఐదు పదార్థాలు రాయండి’ అంటే నాలుగు చెప్పి ఒకటి మరిచిపోతారు, కార్డు మొత్తం తప్పు కింద లెక్క, మళ్లీ రేపు వస్తుంది, రేపు వేరొకటి మరిచిపోతారు. దానికి బదులు: ఆరోగ్యవంతుడి మూత్రంలో గ్లూకోజ్ ఎందుకు కనిపించదు? ఎందుకంటే వడకట్టుకున్న గ్లూకోజ్ అంతా పీసీటీలోనే వెనక్కి పోతుంది. మూత్రంలో చక్కెర కనిపిస్తే ఏదో తేడా ఉందని డాక్టరు ఎందుకు అనుమానిస్తాడో ఈ ఒక్క కార్డు చెబుతుంది. జాబితా మాత్రం పుస్తకంలోనే ఉండనివ్వండి.

బొమ్మ ఉన్న స్లైడుకు మాటలతో కార్డు రాయడం వృథా. నెఫ్రాన్ బొమ్మలో భాగాల పేర్ల మీద చిన్న తెల్ల పట్టీ అంటించినట్టు మూసేసి, పట్టీ కింద ఏముందో అడగాలి. యాంకీలో ఈ సౌకర్యం ఉంది. అట్టముక్కల మీద అయితే పేర్లు లేకుండా గీసిన బొమ్మ ముందువైపు, అంకెలు వేసిన పేర్లు వెనుకవైపు. ఒకే ఒక హెచ్చరిక: పదిహేను పేర్లున్న బొమ్మలో పదిహేనూ మూయకండి. మీకు ఇంతకుముందే వచ్చిన భాగాల పేర్లు తెరిచే ఉంచండి. మీరు ప్రతిసారీ తడబడే మూడో నాలుగో చోట్లు మూస్తే సరిపోతుంది.

తర్వాత వచ్చే స్లైడు పిల్లల్ని ఎక్కువగా భయపెడుతుంది. వడపోత రేటు తగ్గితే ఏమవుతుంది? గ్లోమెరులస్ పక్కనున్న జేజీ కణాలు రెనిన్ విడుదల చేస్తాయి. రెనిన్ రక్తంలోని యాంజియోటెన్సినోజెన్‌ను యాంజియోటెన్సిన్ 1గా మారుస్తుంది. అది యాంజియోటెన్సిన్ 2 అవుతుంది. యాంజియోటెన్సిన్ 2 రక్తనాళాలను బిగుసుకునేలా చేస్తుంది, అడ్రినల్ వల్కలం నుంచి ఆల్డోస్టిరాన్‌ను విడుదల చేయిస్తుంది. ఆల్డోస్టిరాన్ నెఫ్రాన్ చివరి భాగాల్లో సోడియంను, దాని వెంట నీటిని వెనక్కి లాగుతుంది. రక్తపీడనం, వడపోత రేటు తిరిగి పెరుగుతాయి.

దీన్ని ఖాళీలు పూరించే కార్డుగా మార్చే అలవాటు ఉంది. స్లైడులోని వాక్యం అలాగే ఉంచి ఒక మాట తీసేస్తారు. ‘జేజీ కణాలు ఖాళీ విడుదల చేస్తాయి.’ మొదటి నాలుగుసార్లు ఆలోచిస్తారు. ఐదోసారి వాక్యం ఆకారం చూసే జవాబు చెప్పేస్తారు. ‘జేజీ’ అన్న రెండక్షరాలు కనపడగానే ‘రెనిన్’ వచ్చేస్తుంది, మూత్రపిండం మీ ఆలోచనలోకి రానే రాదు. ఈ జబ్బు గుర్తుపట్టడం సులభం. ప్రశ్న పూర్తిగా చదవకముందే జవాబు వచ్చేస్తోందంటే, అదే సంగతిని స్నేహితురాలు వేరే మాటల్లో అడిగితే తట్టడం లేదంటే, ఆ కార్డు మీకు పాఠం నేర్పడం లేదు.

అందుకే ఈ గొలుసును నేను మూడు చోట్ల కోసి అడుగుతాను. ఏం జరిగితే రెనిన్ విడుదలవుతుంది? ఇది మొదలు. యాంజియోటెన్సిన్ 2 చేసే రెండు పనులేవి? ఇది నడుమ. ఎక్కువ రక్తం పోయిన మనిషికి మూత్రం తగ్గిపోతుంది, ఆల్డోస్టిరాన్‌తో మొదలుపెట్టి కారణం చెప్పు. ఇది చివర, వెనక నుంచి ముందుకు నడిపించేది. మధ్యలో యాంజియోటెన్సిన్ 1 నుంచి 2గా మార్చే ఎంజైమ్ పేరు ఇంటర్ పిల్లలకు కార్డు కానక్కర్లేదు. వైద్యవిద్యార్థికి మాత్రం తప్పదు, ఎందుకంటే రక్తపోటు మందుల్లో ఒక పెద్ద వర్గం సరిగ్గా ఆ ఏసీఈ ఎంజైమ్‌నే ఆపుతుంది, రేపు ఫార్మకాలజీలో ఆ పేరుతోనే పాఠం మొదలవుతుంది. స్లైడు ఒకటే అయినా ఎవరికి ఏ కార్డు అన్నది వాళ్లు ఎటు వెళ్తున్నారన్న దాన్ని బట్టి మారుతుంది. సీనియర్ల దగ్గర నుంచి తయారైన కార్డుల కట్ట తెచ్చుకుని వాడటం నాకు నచ్చకపోవడానికి ఇదే కారణం.

మిగతా స్లైడులు త్వరగా దాటేయవచ్చు. శీర్షికలు, ‘ఈ పాఠంలో మనం నేర్చుకునేవి’, పాత క్లాసు పునశ్చరణ, ఒకే వ్యాధి ఫొటోలు నాలుగు, వీటికి కార్డులు వద్దు. చాలా చేపలు అమ్మోనియా, క్షీరదాలు యూరియా, పక్షులు యూరిక్ ఆమ్లం విసర్జిస్తాయన్న పట్టికకు ఒకటే కార్డు: నీరు తక్కువ దొరికే జీవి ఎలాంటి నత్రజని వ్యర్థాన్ని ఎంచుకుంటుంది, ఎందుకు? ఇలా వడబోసుకుంటూ పోతే 40 స్లైడుల నుంచి పాతికో ముప్ఫయ్యో కార్డులు మిగులుతాయి. 200 కావు.

రాసిన తర్వాత కూడా ఏరివేత ఆగకూడదు. యాంకీలో ఒక కార్డును ఎనిమిదిసార్లు మరిచిపోతే, యాప్ దానికి జలగ అని గుర్తు వేస్తుంది. ఆ గుర్తు పడ్డ కార్డును అలాగే ఉంచి తొమ్మిదోసారి ప్రయత్నించకండి. కార్డు రాసిన తీరులో లోపం ఉందని దాని అర్థం. ఈ పాఠంలో ఆ గుర్తు పడే జంట నాకు తెలుసు: ఏడీహెచ్, ఆల్డోస్టిరాన్. రెండూ హార్మోన్లే, రెండూ మూత్రాన్ని తగ్గిస్తాయి, ‘నీటిని వెనక్కి లాగే హార్మోన్ ఏది’ అన్న ప్రశ్నకు రెండూ జవాబులే. తప్పు విద్యార్థిది కాదు, ప్రశ్నది.

ఆ కార్డు తీసేసి, దాని స్థానంలో ఇవి రాయండి. ముందువైపు: రోజంతా నీళ్లు దొరకని మనిషిలో పీయూష గ్రంథి వెనుక భాగం నుంచి వచ్చే హార్మోన్ నెఫ్రాన్‌లో నేరుగా దేన్ని మారుస్తుంది? వెనుకవైపు: సంగ్రహణ నాళం గోడను నీటికి తెరుస్తుంది, లవణాల ప్రమేయం లేకుండానే. రెండో కార్డు: అడ్రినల్ వల్కలం హార్మోన్ నీటిని నేరుగా లాగుతుందా? లాగదు, సోడియంను లాగుతుంది, నీరు దాని వెంట వస్తుంది. మూడో కార్డు, ఈ రెండూ అర్థమయ్యాయో లేదో తేల్చేది: ఒక రోగి రోజుకు పది లీటర్ల నీళ్లలాంటి మూత్రం పోస్తున్నాడు, మూత్రంలో గ్లూకోజ్ లేదు, ఏ హార్మోన్ లోపాన్ని ముందు అనుమానిస్తావు? ఏడీహెచ్. ఆ లోపం వల్ల వచ్చే జబ్బును డయాబెటిస్ ఇన్సిపిడస్ అంటారు. మూడింటినీ ఒక వారం తిప్పి చూడండి. ఇంకా తడబడుతుంటే లోపం కార్డులో లేదు, సంగ్రహణ నాళం దగ్గర ఏం జరుగుతుందో అర్థం కాలేదు. పుస్తకంలో ఆ పేజీ తెరిచి, నెఫ్రాన్ బొమ్మ మళ్లీ గీసి, వేలు అక్కడ పెట్టి మొదలుపెట్టండి.